మురికి మంచిదా, మరక మంచిదా?

సర్ఫ్ ఎక్సెల్ ప్రకటన చివర వచ్చే ‘మరక మంచిదే’ అన్న మాట తెలుగువాళ్లకు బాగా అలవాటైపోయింది. దాని పుట్టుక మాత్రం తెలుగులో కాదు. యూనిలీవర్ సంస్థ వేరే దేశాల్లో ఓమో, పర్సిల్ వంటి బ్రాండ్లకు ‘డర్ట్ ఈజ్ గుడ్’ అనే ట్యాగ్‌లైన్ వాడింది. మన దేశంలో 2005 ప్రాంతంలో అదే ‘దాగ్ అచ్ఛే హై’ అయింది. బురదగుంటలో పడి ఏడుస్తున్న చెల్లి కోసం అన్న ఆ బురదనే పిడిగుద్దులు గుద్దే ప్రకటన చాలామందికి గుర్తుండే ఉంటుంది.

ఇంగ్లిష్ లైన్‌ను నేరుగా తెలుగు చేసి ఉంటే ఏమయ్యేది? డర్ట్ అనగానే తట్టే మాట మురికి. ‘మురికి మంచిదే’ అన్నా నోరు తిరుగుతుంది, మకారాలూ కలిశాయి. కానీ మురికి అంటే మనకు మురికికాలువ గుర్తొస్తుంది, వెనకే దోమలూ జ్వరాలూ. ఇంగ్లిష్ డర్ట్‌లో తోటలోని మట్టి కూడా ఉంది, మన మురికిలో అది లేదు. మరక అలా కాదు. అది బట్టకు అంటేది, ఉతికితే పోయేది. సబ్బుపొడికి పనున్నది సరిగ్గా అక్కడే.

చివరి ‘దే’ సంగతి కూడా చూడాలి. ‘మరక మంచిది’ అంటే పాఠ్యపుస్తకంలో వాక్యంలా ఉంటుంది. ‘మంచిదే’ అనేసరికి, చెయ్యెత్తిన తల్లికి పక్కింటావిడ ‘పోనీలే వదినా’ అని సర్దిచెబుతున్నట్టుంది. హిందీలో మరకలు బహువచనం, తెలుగులో ఒక్క మరకే మిగిలింది. ఇది మాటకు మాట అనువాదమా, అనుసరణా? హిందీ పక్కన పెడితే మొదటిది, ఇంగ్లిష్ పక్కన పెడితే రెండోది.

అందుకే ఏ పద్ధతో ముందే తేల్చుకుని కూర్చోవడం వల్ల లాభం లేదు. ఈ లైన్ విని కొనేవాడు ఏం నమ్మాలన్నది ముందు ఒక మామూలు వాక్యంలో రాసుకోవాలి. దాని పక్కన మాటకు మాట అనువాదం పెట్టి పైకి చదవాలి. ‘యువర్ ట్రస్ట్ ఈజ్ అవర్ స్ట్రెంత్’ని ‘మీ నమ్మకమే మా బలం’ అంటే సరిపోతుంది. అక్కడ తెలివి చూపించబోతే చెడుతుంది.

ఒక ఆసుపత్రి బోర్డు మీద ‘కేర్ యూ కెన్ ట్రస్ట్’ అని ఉందనుకుందాం. ‘మీరు నమ్మగల సంరక్షణ’ అన్నామంటే ప్రభుత్వ కరపత్రంలా ఉంటుంది, రోగి ఇంట్లో ఎవరూ ఆ మాట అనరు. విసుగెత్తిన రచయిత ‘మీ ప్రాణాలకు మా పూచీ’ అని రాసేస్తాడు. వినడానికి అదిరిపోతుంది, కానీ మూలంలో లేని హామీ వచ్చి కూర్చుంది. ప్రాణానికి ఏ ఆసుపత్రీ పూచీ ఇవ్వలేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద, తప్పుదోవ పట్టించే ప్రకటనకు కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మొదటిసారి 10 లక్షల రూపాయల దాకా జరిమానా వేయవచ్చు. అనుసరణలో స్వేచ్ఛంతా మాటల ఎంపికలోనే. హామీని పెంచే స్వేచ్ఛ రచయితకు లేదు.

నేనైతే ‘నమ్మి రండి, శ్రద్ధగా చూస్తాం’ అంటాను. డాక్టరు రోగిని ‘చూడటం’ మన రోజువారీ మాటే. పైగా ఇక్కడ ఇస్తున్న మాట శ్రద్ధ వరకే, నయమవుతుందని కాదు.

దీన్ని తెలుగు రాని ముంబయి మేనేజరు ఒప్పుకోవాలి కదా. అందుకని లైన్‌తో పాటు బ్యాక్ ట్రాన్స్‌లేషన్, అంటే దాన్ని తిరిగి ఇంగ్లిష్‌లో పెట్టిన పాఠం, పంపుతారు. మూలం చూడని మనిషి చేత అది చేయించాలి. రాసినవాళ్లే చేస్తే తమకు తెలియకుండానే పాత ఇంగ్లిష్ లైన్‌నే తిరిగి రాసేస్తారు, పెరిగిన పూచీ బయటపడదు. ‘కేర్ అనే మాట ఏదీ?’ అన్న ప్రశ్న ఎలాగూ వస్తుంది కాబట్టి, ‘చూస్తాం’ ఎందుకో రెండు వాక్యాల్లో రాసి జతచేస్తే మెయిళ్లు తగ్గుతాయి.

తెలుగు నుంచి ఇంగ్లిష్‌కు వెళ్లేటప్పుడు చిక్కు మరో రకం. పచ్చడి సీసా మీది ‘అమ్మ చేతి రుచి’ని ‘ద టేస్ట్ ఆఫ్ మదర్స్ హ్యాండ్’ అంటే అమెరికావాడు సీసాలోకి అనుమానంగా చూస్తాడు. ‘జస్ట్ లైక్ అమ్మాస్’ అంటే చెయ్యి పోయింది, రుచి నిలిచింది. కొనేది న్యూజెర్సీలోని తెలుగువాళ్లే అయితే అసలు తెలుగు లైన్‌నే ఉంచేయొచ్చు.

కొన్నిటిని ముట్టుకోకపోవడమే మంచిది. నైకీ 1988 నుంచి వాడుతున్న ‘జస్ట్ డూ ఇట్’లో ఎదుటివాడు చిన్నా పెద్దా అన్న ప్రశ్నే లేదు. తెలుగులో ‘చేసెయ్’ అంటే అరవై ఏళ్లాయనకు చురుక్కుమంటుంది, ‘చేసెయ్యండి’ అంటే ఇరవై ఏళ్ల కుర్రాడికి దరఖాస్తు నింపమన్నట్టుంటుంది.