పళ్లు కోసేది హాబ్, గ్రేడ్ తేల్చేది బోరు

120 మిల్లీమీటర్ల పిచ్ వ్యాసం, 40 పళ్లు, మాడ్యూల్ 3. వర్క్‌షాపుల్లో మామూలుగా కనిపించే గేరే ఇది. దీన్ని మిల్లింగ్ మెషిన్ మీదా కోయవచ్చు, షేపింగ్‌లోనూ, హాబింగ్‌లోనూ కోయవచ్చు.

మిల్లింగ్‌లో కట్టర్ ఆకారమే పంటి సందు ఆకారం. ఒక సందు కోసి, డివైడింగ్ హెడ్‌తో బ్లాంక్‌ను తిప్పి, తర్వాతి సందు కోస్తారు. చిక్కేమిటంటే, పళ్ల సంఖ్య మారితే పంటి వంపు మారుతుంది. ప్రతి సంఖ్యకూ ఒక కట్టర్ కొనలేం కాబట్టి మాడ్యూల్‌కు 8 కట్టర్ల సెట్ వాడతారు. మన 40 పళ్ల గేరుకు వచ్చే కట్టర్ 35 నుంచి 54 పళ్ల దాకా పనిచేసేది. దాని వంపు మాత్రం 35 పళ్లకు సరిపడా చేసింది. నెమ్మదిగా తిరిగే గేరుకు ఇది చాలు. వేగం పెరిగితే మోత మొదలవుతుంది.

హాబ్ చూడటానికి అంచులు తీర్చిన పెద్ద మరలా ఉంటుంది. అది, బ్లాంక్ కలిసి తిరుగుతాయి. సింగిల్ స్టార్ట్ హాబ్ 40 చుట్లు తిరిగితే మన గేరు ఒక చుట్టు తిరుగుతుంది. ఆ కదలికలోనే సరైన వంపు పుడుతుంది. అదే మాడ్యూల్‌లో ఎన్ని పళ్లకైనా ఒకే హాబ్ చాలు. కోత ఆగదు కాబట్టి పని త్వరగా అవుతుంది. అయితే హాబ్ పంటి చివర దాటి బయటికి వెళ్లాలి. పక్కనే పెద్ద అంచు అడ్డుంటేనో, పళ్లు లోపలివైపు ఉంటేనో గేరు ఆకారపు కట్టర్ పైకీ కిందికీ ఆడే షేపింగే దిక్కు.

ఇక గ్రేడ్. ఐఎస్ఓ 1328 లెక్కలో అంకె తగ్గేకొద్దీ గేరు మెరుగు. మన గేరుకు మొత్తం పిచ్ తేడా 7వ గ్రేడ్‌లో 41 మైక్రాన్లు, 8వ గ్రేడ్‌లో 58 మైక్రాన్లు మించకూడదు. ఇప్పుడు మంచి హాబే పెట్టామనుకుందాం. మ్యాండ్రెల్ మాత్రం బోరుకంటే 40 మైక్రాన్లు సన్నం. బిగించేటప్పుడు బ్లాంక్ ఒక పక్కకు జరిగితే కేంద్రం 20 మైక్రాన్లు తప్పుతుంది. దానివల్లే పిచ్ తేడా 42 మైక్రాన్లు దాటుతుంది. పంటి వంపు ఎంత చక్కగా ఉన్నా ఆ గేరు 8వ గ్రేడ్‌దే. ఎందుకంటే అన్ని కొలతల్లో అధ్వానమైనదే గ్రేడ్‌ను నిర్ణయిస్తుంది.

తప్పు ఎక్కడుందో గేరే చెబుతుంది. పంటి సందుల్లో పిన్ను పెట్టి డయల్ గేజ్‌తో చూస్తే ముల్లు చుట్టుకొకసారి నింపాదిగా లేచి దిగిందా, బ్లాంక్ బిగింపులో లోపం. అన్ని పళ్ల వంపుల్లోనూ ఒకేలాంటి అల కనిపిస్తే హాబ్ ఊగుతోంది, లేదా దాన్ని సరిగ్గా పదును పెట్టలేదు. హాబ్ రెండు చివరలా ఉండే నునుపు పట్టీలు ఆ ఊపును బిగించగానే డయల్‌తో చూసుకోవడానికే ఉన్నాయి.

అందుకే గేరు ఆర్డర్ ఇచ్చేటప్పుడు డ్రాయింగ్‌లో ‘హాబింగ్’ అని రాసి వదిలేయకండి. గ్రేడ్ రాయండి, బోరు టాలరెన్స్ రాయండి, పక్క ముఖం బోరుకు ఎంత లంబంగా ఉండాలో కూడా రాయండి.