సగంలో చేతులు మారే పాఠం

సెలవుపై వెళ్లే లెక్కల టీచరు ‘భిన్నాలు సగం అయ్యాయి’ అని రాసిపెడితే, తర్వాత వచ్చేవారికి ఏం చేయాలో తెలియదు. పిల్లలు ఎక్కడ తడబడుతున్నారో కూడా రాయాలి. ఆరో తరగతికైతే ఇలా:

“మేడమ్, సజాతి భిన్నాల కూడిక వచ్చేసింది. విజాతి భిన్నాలు ఇప్పుడే మొదలుపెట్టాను. 1/2 + 1/3 ఇస్తే చాలామంది 2/5 అంటున్నారు. లవాలూ హారాలూ విడివిడిగా కూడేస్తున్నారు. రేపే క.సా.గు. చెప్పకండి. ముందు కాగితం పట్టీని ఆరు గళ్లుగా మడిపించండి. సగమంటే మూడు గళ్లు, మూడో వంతంటే రెండు. మొత్తం 5/6 అని వాళ్లకే కనిపిస్తుంది. తర్వాత 1/4 + 1/6 ఇవ్వండి. ఎక్కువమంది 5/12 రాస్తే తీసివేతకు వెళ్లండి. 2/10 రాస్తే మళ్లీ పట్టీలే. యూనిట్ పరీక్ష పేపరు ఇంకా తయారు చేయలేదు.”

ఇందులో నాకు బాగా నచ్చేది ఆ 2/10. రాబోయే తప్పు ముందే తెలిస్తే, కొత్త టీచరు నోటుబుక్కు చూడగానే ఎవరికి ఏం అర్థం కాలేదో పట్టేస్తారు.