చేరకముందే సెలవు మాట

మీకు ఉద్యోగం వచ్చింది. జులై 1న చేరాలి. కానీ ఆగస్టు 3 నుంచి 7 వరకు, అంటే ఐదు పనిదినాలు, కుటుంబంతో లద్దాఖ్ వెళ్లడానికి టికెట్లు ముందే కొన్నారు. ఈ సంగతి ఎప్పుడు చెప్పాలి?

ఆఫర్ లెటర్ అందాక, దానికి అంగీకారం తెలపకముందే చెప్పాలి. అప్పటికి సంస్థ మిమ్మల్ని ఎంచుకుంది. షరతులు మాత్రం ఇంకా ఖరారు కాలేదు.

ముందుగా లెక్క చూద్దాం. ఆ సంస్థలో నెలకు ఒకటిన్నర రోజుల సెలవు జమవుతుందనుకోండి. జులై ముగిసేసరికి మీకుండేది అంతే. మిగతా మూడున్నర రోజులకు జీతం కోత పడుతుంది. నెల జీతం 30,000 రూపాయలైతే, రోజుకు 1,000 చొప్పున 3,500 రూపాయలు తగ్గుతాయి. ప్రొబేషన్‌లో సెలవు వాడుకోనివ్వని చోట ఐదు రోజులకూ కోతే.

అందుకే తేదీలు తెలిపి, “జమైన సెలవు పోగా మిగిలిన రోజులకు జీతం లేని సెలవు ఇవ్వగలరా?” అని రాయండి. కుదరదంటే చేరే తేదీని ఆగస్టు 10కి మార్చమని అడగవచ్చు. అయితే నెలకు పైగా జీతం వదులుకోవాలి.

ఫోనులో “సరే” అంటే చాలదు. ఆ మాట అన్నది నియామక విభాగం. రేపు సెలవు మంజూరు చేయవలసింది మీ పై అధికారి. తేదీలతో సహా ఈమెయిల్ జవాబు వచ్చాకే సంతకం చేయండి.