మీకు తెలుసా? పెసరట్టు తిన్న పూట ఆకలి ఎందుకు ఆగుతుంది

చట్నీల సంగతి పక్కన పెడితే, ఐదు మామూలు ఇడ్లీల్లోనూ రెండు పెసరట్లలోనూ కేలరీలు దాదాపు సమానం. రెండు చోట్లా 300 లోపే. అయినా ఇడ్లీలు తిన్న రోజు పదకొండు కాకముందే కడుపు నకనకలాడుతుందనీ, పెసరట్టు తిన్న రోజు మధ్యాహ్నం దాకా తిండి ధ్యాస రాలేదనీ చెప్పేవాళ్లు చాలామంది. బరువు తగ్గడానికి తిండి తగ్గించినవాళ్ల పట్టుదల సడలేది ఎక్కువగా ఆ పదకొండు గంటల ఆకలి దగ్గరే. కాబట్టి ఈ తేడా ఎక్కడినుంచి వస్తుందో చూద్దాం.

రెండు పెసరట్లకు సుమారు 60 గ్రాముల పెసలు పడతాయి. వాటిలో ప్రొటీన్ 13, 14 గ్రాములు, పీచు 10 గ్రాముల దాకా ఉంటాయి. ఐదు ఇడ్లీల్లో మినప్పప్పు పుణ్యమా అని ప్రొటీన్ 10 గ్రాముల దాకా వస్తుంది, పీచు మాత్రం 4 గ్రాములకు మించదు. బియ్యానికి తవుడు, మినప్పప్పుకు పొట్టు ముందే పోయాయి మరి. పెసలను పొట్టుతోనే రుబ్బుతాం. అసలు సంగతి ఆ ఆకుపచ్చ పొట్టులోనే ఉంది. పొట్టు తీసిన పెసరపప్పుతో అట్టు పోస్తే రంగుతో పాటు పీచులో దాదాపు సగం పోతుంది.

కడుపులో జరిగేది ఇది. ప్రొటీన్ పేగుల్లోకి చేరగానే అక్కడి కణాలు కొన్ని హార్మోన్లను వదులుతాయి. ఇక చాలని మెదడుకు కబురు చేసేవి అవే. పైగా ప్రొటీన్‌ను అరిగించుకోవడానికే, దాని నుంచి వచ్చే శక్తిలో 20 నుంచి 30 శాతం ఖర్చవుతుంది. పిండిపదార్థాలకు ఆ ఖర్చు 5 నుంచి 10 శాతమే. పీచు పని వేరు. అది అరగదు. నీటిని పీల్చుకుని ఉబ్బి చోటు ఆక్రమిస్తుంది. అందులో జిగురుగా మారే రకం, అన్నం ముద్ద కడుపులోంచి పేగుల్లోకి జారే వేగాన్ని తగ్గిస్తుంది. అందుకే పెసరట్టు పిండిని కాస్త బరకగా రుబ్బుకోవడం మేలు. మరీ మెత్తగా నలిగింది తొందరగా అరుగుతుంది.

కడుపు నిండిన భావాన్ని కొలిచిన పరీక్ష ఒకటి 1995లో వెలువడింది. సిడ్నీ విశ్వవిద్యాలయంలో సుసానా హోల్ట్ బృందం 38 రకాల ఆహారాలను, ఒక్కోటి 240 కేలరీల చొప్పున తినిపించి, రెండు గంటల పాటు పావుగంటకోసారి ఆకలి ఎలా ఉందో అడిగింది. తెల్ల బ్రెడ్డుకు 100 మార్కులు అనుకుంటే, చేపకు 225, వెన్నతో చేసే క్రోసాంట్‌కు 47 వచ్చాయి. అన్నిటికన్నా పైన నిలిచింది ఉడికించిన బంగాళాదుంప, 323 మార్కులతో! అందులో ప్రొటీన్ తక్కువే, పీచూ ఓ మోస్తరే. కానీ నీరు చాలా ఎక్కువ కావడంతో 240 కేలరీలకు పళ్లెం నిండా దుంపలు వస్తాయి. అదే దుంపను నూనెలో వేయించేసరికి మార్కులు 116కు పడిపోయాయి. ఒక్కో ఆహారాన్ని తిని చూసినవాళ్లు పదిమందికి కాస్త ఎక్కువే కాబట్టి ఈ మార్కులను శిలాశాసనంగా పట్టుకోకూడదు. అయినా ప్రొటీన్, పీచు, నీరు ఆకలిని ఆపుతాయనీ, కొవ్వు ఎక్కువైతే ఆ గుణం తగ్గుతుందనీ ఆ బృందం గమనించింది.

మన పెసరట్టు చెడేదీ అక్కడే. నేను ఒక్కో అట్టుకు ఒక చెంచా నూనె లెక్క వేశాను. ఆ చిన్న చెంచాలోనే 45 కేలరీలు ఉంటాయి. పెనం చుట్టూ ధారగా పోస్తే రెండు అట్లకే అదనంగా 200 చేరినా ఆశ్చర్యం లేదు. ఉప్మా పెసరట్టయితే, చిన్న కప్పు ఉప్మాకు మరో 150 పైమాటే. ఆ ఉప్మా స్థానంలో సన్నగా తరిగిన ఉల్లిపాయ, అల్లం, పచ్చిమిర్చి చల్లుకుంటే రుచికి లోటుండదు. పక్కన కొబ్బరి చట్నీ ఒక చెంచాడు, అల్లం పచ్చడి చాలా కొద్దిగా వేసుకోవచ్చు. అల్లం పచ్చడిలో బెల్లం ఉంటుందని మరచిపోవద్దు.

పీచు అలవాటు లేనివాళ్లు రోజూ పెసలు, శనగలు మొదలుపెడితే మొదటి వారం కడుపుబ్బరం, గ్యాసు తప్పకపోవచ్చు. ఒక అట్టుతో మొదలుపెట్టి, నీళ్లు బాగా తాగుతూ, రెండు మూడు వారాల్లో రెండో అట్టుకు వెళ్లాలి. మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లు ప్రొటీన్ పెంచే ముందు వైద్యుణ్ణి తప్పక అడగాలి.

మార్పు పనిచేస్తోందా అన్నది వారం రోజుల్లో మీకే తెలుస్తుంది. ఎనిమిదింటికి తిన్న టిఫిన్ తర్వాత మళ్లీ నిజంగా ఆకలి వేసిన వేళను కాగితం మీద రాసుకోండి. ఆ వేళ ఆలస్యమై, మధ్యాహ్నం రెండోసారి అన్నం వడ్డించుకోవడం తగ్గితే సరైన దారిలో ఉన్నట్టే. పెసరట్టు తిని కూడా పదకొండింటికి బిస్కెట్ల డబ్బా తెరుస్తుంటే మాత్రం, కేలరీలు తగ్గనట్టే.