తోడేలును వండే పుస్తకం

వంట పుస్తకం అనగానే చెంచాలు, కప్పుల లెక్కలు గుర్తొచ్చి పక్కన పెట్టేసేవారు చాలామంది. పొయ్యి దగ్గరికి ఎప్పుడో గానీ వెళ్లనివారి సంగతి చెప్పనక్కర్లేదు. అలాంటివారి చేతిలో నేను మొదట పెట్టేది అమెరికన్ రచయిత్రి ఎం.ఎఫ్.కె. ఫిషర్ రాసిన ‘హౌ టు కుక్ ఎ వుల్ఫ్’. ఆ తోడేలు మరేదో కాదు, గుమ్మంలో కాచుక్కూర్చున్న ఆకలి.

1942లో వచ్చిందీ పుస్తకం. అమెరికా అప్పుడే రెండో ప్రపంచ యుద్ధంలోకి దిగింది, చక్కెర రేషన్‌కు వచ్చింది. ప్రతి పూటా అన్ని పోషకాలూ పళ్లెంలో ఉండాలని ఇల్లాళ్లకు సలహాలు వెల్లువెత్తుతున్నాయి. పూటపూటకూ ఆ లెక్కలెందుకు, రోజు మొత్తం మీద సరిపోతే చాలదా అని ఫిషర్ వాదన. ఒక పూట కూరగాయలే తినండి, ఇంకో పూట రొట్టెతో సరిపెట్టుకోండి అంటుంది.

ఇందులో మరీ పేదవాడి వంటకం ఒకటుంది. చేతిలో చిల్లిగవ్వ లేదు. అర డాలరు అప్పు చెయ్యాలి, పొయ్యి కూడా ఎవరినైనా అడిగి వాడుకోవాలి. కాస్త మాంసం కీమా, కొంత ధాన్యపు రవ్వ, మిగిలిన డబ్బుతో దొరికినన్ని కూరగాయలు కొని, అన్నీ నూరి, బోలెడు నీళ్లు పోసి గంటల తరబడి ఉడికించాలి. కొద్దిరోజులు దాంతోనే ప్రాణం నిలుస్తుంది. రుచిగా ఉంటుందని ఆమె నమ్మించబోదు. చదువుతుంటే మనకు కనిపించేది వంటకం కాదు, ఆ అప్పు అడగడానికి వెళ్తున్న మనిషి. కథలా చదివించడమంటే ఇదే.

దొరికితే 1951 నాటి కూర్పే చదవండి. యుద్ధం ముగిశాక తన మాటల మధ్యే బ్రాకెట్లలో కొత్త వ్యాఖ్యలు చేర్చింది ఫిషర్. తొమ్మిదేళ్ల నాటి తనతో తానే తగువు పెట్టుకుంటుంది, వెక్కిరించుకుంటుంది. పుస్తకంలో నాకు బాగా నచ్చింది ఆ తగువే. కొన్ని వంటకాల్లో మనకు తెలియని సరుకులు వస్తాయి, వాటిని దాటేసినా కథ తెగదు.

మనకు దగ్గరి పుస్తకం కావాలంటే షాహూ పటోలే మరాఠీలో రాసిన ‘అన్న హే అపూర్ణ బ్రహ్మ’ ఉంది. 2024లో ‘దళిత్ కిచెన్స్ ఆఫ్ మరాఠ్వాడా’ పేరుతో ఇంగ్లీషులోకి వచ్చింది. 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో ఉన్న నేల అది. కోసిన పశువులో ఏ భాగాన్నీ, చివరికి నెత్తురునూ వదలకుండా వండుకోవడం, మాంసం ముక్కల్ని ఎండబెట్టి దాచుకోవడం చెబుతూనే, ఎవరి పళ్లెంలోకి ఏది రావాలో కులం ఎలా తేల్చిందో చూపిస్తాడాయన. ఫిషర్‌లో ఉన్న చమత్కారం ఇందులో తక్కువ, కోపం ఎక్కువ. అందుకే ముందు ఫిషర్‌ని చదివి, తర్వాత పటోలే దగ్గరికి వెళ్లమంటాను.