దవాఖానా బోర్డు ఉర్దూలోకి: అక్షరాలు అరబిక్‌వి, చదువు ఉర్దూది

తెలంగాణలో ఉర్దూ రెండో అధికార భాష. ఓ బస్తీ దవాఖానా గోడ మీద ‘సాయంత్రం 4 నుంచి 7 వరకు డాక్టర్ ఉంటారు’ అని ఆంగ్లంలో ఉన్న బోర్డును ఫోటో తీసి, ఫోన్‌లో ఉర్దూలోకి మార్చుకుంటారనుకుందాం. అనువాదం అరబిక్ పద్ధతిలో కుదిరితే అక్షరాలు తెలిసినవిగానే కనిపిస్తాయి గానీ, చదివేవారికి అడుగడుగునా తడబాటు తప్పదు.

మొదటి చిక్కు అక్షరాల వాలులో ఉంది. అరబిక్ ముద్రణలో వాడే నస్ఖ్ శైలి అడ్డగీత మీద సమంగా సాగుతుంది. ఉర్దూ పాఠకులు పుస్తకాల్లో, పత్రికల్లో చూసే నస్తాలీఖ్‌లో మాత్రం పదం కుడివైపు పై నుంచి ఎడమవైపు కిందికి జారుతుంది. అందువల్ల దానికి ఎత్తు ఎక్కువ కావాలి. ఆంగ్ల పంక్తికి సరిపోయిన చోటే దాన్ని ఇరికిస్తే పై చుక్కలు, కింది వంపులు తెగిపోతాయి. చుక్క పోతే అక్షరమే మారిపోతుంది. కనుక అక్షరం పరిమాణం తగ్గించడం కన్నా పంక్తుల మధ్య ఎడం పెంచడం మేలు.

పదాల ఎంపిక ఇంకా సున్నితమైనది. ఆసుపత్రిని అరబిక్‌లో ‘ముస్తష్ఫా’ అంటారు. హైదరాబాద్ ఉర్దూలో అది దవాఖానా. అరబిక్‌లో ‘తబీబ్’ అంటే వైద్యుడు. అదే మాటను ఉర్దూ బోర్డు మీద పెడితే యునానీ హకీం గుర్తుకొస్తారు, కాబట్టి ‘డాక్టర్’ అనే రాయాలి. దుకాణాల బోర్డులతో మరింత ఇబ్బంది: అరబిక్‌లో తగ్గింపు ధర అని అర్థమిచ్చే ‘ఖస్మ్’ అక్షరాలనే ఉర్దూలో ‘ఖసమ్’ అని చదువుతారు. వాడుకలో దానికి మొగుడని అర్థం! అక్కడ ‘రిఆయత్’ అనాలి.

ఇక అంకెలు. అరబిక్ 4 తిరగేసిన ఆంగ్ల 3లా, 5 గుండ్రని సున్నాలా ఉంటాయి. ఉర్దూలో వీటి రూపాలు వేరు. కంప్యూటర్‌లో అరబిక్ 4 సంకేతం U+0664, ఉర్దూ 4 సంకేతం U+06F4. అయితే ఈ రెండోది ఫారసీకి కూడా వర్తిస్తుంది. ఉర్దూలో 4, 7 అంకెల ఆకృతి ఫారసీ కన్నా భిన్నం. అందుకే పాఠం భాష ఉర్దూ అని lang="ur" గుర్తుతో తెలపాలి, ఆ భేదాన్ని చూపగల ఫాంట్ కూడా ఉండాలి. వేళలను అడ్డగీతతో ‘4-7’ అని రాస్తే కుడి నుంచి ఎడమకు సాగే పంక్తిలో అంకెల వరుస తారుమారు కావచ్చు. ‘4 బజే సే 7 బజే తక్’ అని మాటల్లో రాస్తే ఆ బెడద లేదు. మందు మోతాదు, ఫోన్ నంబరు మాత్రం ఫోటోలో ఉన్న అంకెల్లోనే ఉంచడం క్షేమం. ఉర్దూ పాఠకులకు అవి కొత్త కాదు.

వచ్చింది ఉర్దూయేనా అని తేల్చుకోవడానికి భాష రానివారికీ ఒక ఆనవాలు ఉంది. ‘డాక్టర్’ లోని డ, ట అక్షరాల నెత్తిన చిన్న ‘తోయ్’ గుర్తు ఉంటుంది. అరబిక్‌లో ఆ ధ్వనులే లేవు, ఆ గుర్తూ లేదు. బోర్డు అనువాదంలో అది ఎక్కడా కనిపించకపోతే, అతికించే ముందు ఉర్దూ చదివేవారికి ఒకసారి చూపించాలి.