తాత నవ్వాలంటే గీతలు ఎటు నడవాలి

యానిమేషన్ చిత్రం కోసం ఒక తాత ముఖం చెక్కారనుకుందాం. ZBrush లాంటి సాఫ్ట్‌వేర్‌లో కళాకారుడు రోజుల తరబడి కూర్చుని నుదుటి ముడతలు, కళ్ల కింద సంచులు, బోసినోటి చుట్టూ లోపలికి పోయిన చర్మం ఒక్కొక్కటే తీర్చాడు. కదలకుండా ఉన్నంతసేపు అచ్చం మనిషే. ఇప్పుడా తాతను నవ్వించాలి. అసలు పని ఇక్కడే మొదలవుతుంది.

తెర మీద కనిపించే ఆ చర్మమంతా చిన్న చిన్న పలకలను అంచుకు అంచు కలిపి అల్లిన వల. దాన్నే మెష్ అంటారు. చెక్కడం పూర్తయ్యేసరికి ఆ పలకలు కోటి దాటడం మామూలే. చెక్కేటప్పుడు సాఫ్ట్‌వేర్ వాటిని ఒకే కొలతలో అంతటా పరిచేస్తుంది. ఇది పెదవా, ఇది కనురెప్పా అన్న విచక్షణ దానికి లేదు. అన్ని పలకలను ఏ యానిమేటరూ అదుపు చేయలేడు. పోనీ సంఖ్యను యాంత్రికంగా కుదించి పెదవి మూలను పైకి లాగితే, బుగ్గ మీద పడాల్సిన మడత పళ్లు పళ్లుగా విరుగుతుంది. అందుకే చెక్కిన రూపం మీద, దాన్ని అంటిపెట్టుకుని, తక్కువ పలకలతో మరో మెష్‌ను చేత్తో కొత్తగా పరుస్తారు. ఈ పనికి రీటోపాలజీ అని పేరు. తాత తలకు రెండు మూడు వేల పలకలు చాలు. ఎన్ని ఉన్నాయన్నదాని కంటే వాటి వరసలు ఎటు నడుస్తున్నాయన్నదే ముఖ్యం.

గీతలు కండరాల వెంట నడవాలని ఈ పని నేర్పేవాళ్లందరూ చెబుతారు. మాట నిజమే కానీ అందులో సగమే ఉంది. నుదుటినే చూడండి. అక్కడి ఫ్రంటాలిస్ కండరం కనుబొమల నుంచి నెత్తి వైపు నిలువుగా ఉంటుంది. అది బిగిస్తే కనుబొమలు పైకి లేస్తాయి, ముడతలు మాత్రం అడ్డంగా పడతాయి. కండరం లాగే దిశకు మడత అడ్డంగా పడుతుందన్నమాట. కంటి చుట్టూ ఉండే ఆర్బిక్యులారిస్ ఓక్యులై వలయంలా తిరుగుతుంది. నవ్వినప్పుడు కంటి బయటి మూలలో పడే ముడతలు ఆ వలయాన్ని కోస్తూ బయటికి విచ్చుకుంటాయి. తాత బోసినోరు ముడుచుకున్నప్పుడు పెదవుల చుట్టూ పడే సన్నని ముడతలదీ ఇదే తీరు.

నేతగుడ్డలో పడుగూ పేకా ఉన్నట్టు, నాలుగంచుల పలకలతో అల్లిన మెష్‌లో రెండే దిశలుంటాయి. ఒక దిశ కండరం లాగే వైపు, రెండోది మడత పడే వైపు నడిస్తే, కండరం బిగిసినప్పుడు వరసలు ఒకదానికొకటి దగ్గరవుతాయి. మడత ఒక గీత వెంట శుభ్రంగా పడుతుంది. అదే మెష్ నలభై అయిదు డిగ్రీలు వాలి ఉంటే, మడత పలకలను మూల నుంచి మూలకు కోసుకుంటూ పోవాలి. అక్కడ వెలుగునీడలు తునకలవుతాయి. కండరాల పటం పక్కన పెట్టుకోవడంతో ఆగకుండా, అద్దం ముందు కూర్చుని తన ముఖంలోనే ముడతలు ఎటు పడుతున్నాయో చూసుకునే కళాకారుడి మెష్‌లో తేడా తెలిసిపోతుంది.

పలకలకు నాలుగంచులే ఎందుకు? చివరికి ప్రేక్షకుడు చూసేది ఈ మెష్‌ను కాదు, దాన్ని నునుపు చేయగా వచ్చిన ఉపరితలాన్ని. ఎడ్ క్యాట్మల్, జిమ్ క్లార్క్ 1978లో ప్రచురించిన పద్ధతి ప్రతి పలకనూ మళ్లీ మళ్లీ విభజిస్తూ ఆ నునుపు తెస్తుంది. ఈ పద్ధతికి నాలుగంచుల పలకలే బాగా ఒదుగుతాయి. సినిమా పాత్రల్లోకి దీన్ని గట్టిగా తెచ్చింది 1997లో పిక్సార్ తీసిన ‘గెరీస్ గేమ్’. పార్కులో తనతో తానే చదరంగం ఆడుకునే ఒక ముసలాయన కథ అది, ఆస్కార్ కూడా గెలుచుకుంది. అంతకుముందు ‘టాయ్ స్టోరీ’లో ఉడీ ముఖాన్ని వేర్వేరు వంపు ముక్కలు అతికి చేశారు. ముఖం కదిలినప్పుడు అతుకులు బయటపడకుండా దాచడానికి చేత్తో చాలా శ్రమించాల్సి వచ్చింది. గెరీతో అతుకుల బెడద పోయింది. ఏ గీత ఎటు నడవాలో నిర్ణయించే బాధ్యత మాత్రం మెష్ పరిచేవాడి మీద పడింది.

ఇక మన తాత ముఖం మీద పని ఎలా సాగుతుందో చూద్దాం. బ్లెండర్‌లో అయితే స్నాప్ ఆన్ చేసి `Face Project` ఎంచుకుంటే, వేసే ప్రతి బిందువూ చెక్కిన రూపం మీదే వాలుతుంది. `Mirror` పెట్టుకుంటే సగం ముఖం చేసుకుంటే సరిపోతుంది. మొదట కంటి చుట్టూ ఒక వలయం వేస్తారు. పైరెప్పకు 8 పలకలు, కిందిరెప్పకు 8. రెండూ సమానంగా ఉంటేనే కన్ను మూసినప్పుడు రెప్పల అంచులు బిందువుకు బిందువు కలుస్తాయి. తర్వాత నోటి చుట్టూ వలయం. సగం ముఖంలో పైపెదవికి 5, కిందిపెదవికి 5. దాని చుట్టూ ఇంకో రెండు మూడు వలయాలు. ఇలా తిరిగి తన మొదటికే చేరే వరసను ఎడ్జ్ లూప్ అంటారు.

మూడో వలయం అన్నిటికంటే విలువైనది. అది ముక్కుదూలం మీద మొదలై, ముక్కు పక్కగా దిగి, పెదవి మూలకు బయటగా వచ్చి, గడ్డం కింద నుంచి రెండో వైపుకు పోతుంది. నవ్వితే ముక్కు పక్క నుంచి పెదవి మూల దాకా పడే లోతైన మడత దారి ఇదే. జైగోమాటికస్ మేజర్ అనే కండరం పెదవి మూలను చెంప ఎముక వైపు ఏటవాలుగా లాగుతుంది, ఈ మడత దానికి అడ్డంగా పడుతుంది. కాబట్టి మడత లోతుల్లో ఒక లూప్, దానికి అటొకటి ఇటొకటి, కనీసం మూడు దగ్గర దగ్గరగా ఉండాలి. మధ్యది లోపలికి దిగుతుంది, పక్కవి ఒడ్డులను పట్టుకుంటాయి. ఒకటే ఉంటే మడతకు బదులు మొద్దుబారిన పల్లం మిగులుతుంది.

ఈ వలయాలన్నీ వేశాక వాటి మధ్య మిగిలిన ఖాళీలు నింపాలి. కొత్తవాళ్లు తడబడేది ఇక్కడే. ఖాళీ చుట్టూ ఉన్న అంచుల సంఖ్య బేసి అయితే, దాన్ని నాలుగంచుల పలకలతో మాత్రమే నింపడం గణితరీత్యా అసాధ్యం. ఎక్కడో ఒక త్రికోణం మిగిలి తీరుతుంది. అందుకే నింపే ముందు అంచులు లెక్కపెట్టుకుని, బేసి వస్తే వలయంలో ఒక పలక పెంచడమో తగ్గించడమో చేస్తారు.

ఇంకో చిక్కుంది. కంటి వలయం, నోటి వలయం, మడత వలయం ఎదురయ్యే చోట ఒక బిందువు దగ్గర నాలుగు గీతలకు బదులు అయిదు కలుస్తాయి. దాన్ని పోల్ అంటారు. మూడు గీతలు కలిసినా పోలే. అసలు పోల్ లేకుండా చేయలేమా అని విద్యార్థులు అడుగుతుంటారు. చేయలేం. మూసి ఉన్న బంతిలాంటి ఏ రూపాన్నయినా నాలుగంచుల పలకలతో కప్పితే పోల్స్ రాక తప్పదు. ఘనాన్ని చూస్తే చాలు, దాని ఎనిమిది మూలల్లోనూ మూడేసి గీతలే కలుస్తాయి. పోల్ దగ్గర లూప్ ఆగిపోతుంది, నునుపు కూడా కాస్త చెదిరి చిన్న చిటికెలా కనిపిస్తుంది. కాబట్టి దాన్ని ఎక్కడ పెట్టాలన్నదొక్కటే మన చేతిలో ఉంది. పెదవి మూలలో, మడత లోతులో, కంటి బయటి మూలలో పెట్టకూడదు. చెంప ఎముక గుండ్రంగా ఉబ్బే చోట పెడితే నవ్వినప్పుడు అక్కడి చర్మం జరుగుతుందే కానీ ముడత పడదు, చిటికె కంటికి ఆనదు.

మెష్ పూర్తయిందనిపించాక దాన్ని నమ్మకూడదు, పరీక్షించాలి. పెదవి అంచు మీద `Alt` నొక్కి క్లిక్ చేస్తే ఆ లూప్ మొత్తం వెలుగుతుంది. అది నోటి చుట్టూ తిరిగి మొదలైన చోటికే చేరాలి. అలా చేరకుండా ఒక మెట్టు పక్కకు జరిగి, బుగ్గ మీదుగా మెడ దాకా చుట్లు చుట్టుకుంటూ పోతే అది స్పైరల్. ఎక్కడో ఒక్క పలక తప్పు పక్కకు అతికిందని అర్థం. స్పైరల్ ఉన్న నోట్లో పెదవి వరసను విడిగా పట్టుకోవడం కుదరదు, దవడ ప్రభావాన్ని వరసవారీగా తగ్గించుకుంటూ పోవడమూ కుదరదు. రెండో పరీక్షకు చెవి ముందు కీలు ఉండేలా ఒక ఎముక పెట్టి, దవడను 20 డిగ్రీలు దించి, పెదవి మూలలను పైకి లాగి, మెష్‌ను ఒకసారి నునుపు చేసి, వెలుగును అటూ ఇటూ తిప్పి చూడాలి. మడత మీద నీడ తెగకుండా ఒకే గీతగా సాగితే మెష్ బాగున్నట్టే.

ఈ శ్రమంతా తప్పించే ఆటోమేటిక్ సాధనాలు లేవా? ఉన్నాయి. ZBrushలో ZRemesher, బ్లెండర్‌లో QuadriFlow క్షణాల్లో పలకలు పరిచేస్తాయి. రాళ్లకు, విగ్రహాలకు, కదలని దేనికైనా అవి చాలు. కానీ అవి చూసేది ఇప్పుడున్న వంపులనే. తాత ముఖం ఇంకా నవ్వలేదు కాబట్టి నవ్వితే పడబోయే మడత వాటికి తెలియదు. దారి చూపే గీతలు గీసిచ్చినా స్పైరల్స్ మిగులుతుంటాయి. శరీరమంతా వాటితో చేయించి, ముఖాన్నీ కీళ్లనూ చేత్తో పరచడం నా దృష్టిలో సరైన రాజీ.

కీళ్ల దగ్గరా సూత్రం ఇదే. మోచేతికి, మోకాలికి మూడు లూపులు కావాలి, వంగే లోపలి వైపు అవి దగ్గరగా, బయటి వైపు దూరంగా ఉండాలి. భుజానిది వేరే కథ. చెయ్యి పైకెత్తితే డెల్టాయిడ్ కండరం, ఛాతీ కండరం, వీపు కండరం మూడూ ఒకేసారి రూపు మార్చుకుంటాయి. భుజం చుట్టూ చొక్కా చేతి కుట్టులా నిలువు వలయం ఒక్కటే వేస్తే చంక చితికిపోతుంది. ఛాతీ నుంచి వచ్చే వరసలు డెల్టాయిడ్ కిందకు దూరిపోయేలా పరచాలి. అప్పుడు కూడా అన్ని భంగిమలకూ మెష్ ఒక్కటే సరిపోదు, భంగిమను బట్టి ఆకారం దిద్దే సర్దుబాట్లు రిగ్‌లో అవసరమవుతాయి.

మరి కళాకారుడు అంత ఓపికగా చెక్కిన సన్నని ముడతలు, చర్మ రంధ్రాలు ఏమైనట్టు? వాటిని కోటి పలకల రూపం నుంచి కొత్త మెష్ మీదికి నార్మల్ మ్యాప్, డిస్‌ప్లేస్‌మెంట్ మ్యాప్ అనే చిత్రాలుగా దించుకుంటారు. కదిలే మడత మెష్‌లో ఉంటుంది, కదలని నెరుసు చిత్రంలో ఉంటుంది.

యానిమేషన్ నేర్చుకుంటున్న మన పిల్లలకు ఒక మాట. రంగులు వేయడానికి పరిచే UV, ఎముకల ప్రభావం, నవ్వుకూ ఏడుపుకూ చెక్కిన ఆకారాలు అన్నీ మెష్‌లోని బిందువుల సంఖ్యనూ వరసనూ నమ్ముకుని ఉంటాయి. అవన్నీ చేశాక ఒక్క లూప్ మార్చినా ఆ పనిలో చాలా భాగం మళ్లీ చేసుకోవాలి. కాబట్టి మెష్‌ను రిగ్గింగ్ చేసేవాళ్ల చేతిలో పెట్టే ముందు మీరే ఒక దవడ ఎముక వేసి, నోరు తెరిపించి, నవ్వించి చూడండి. అరగంట పని.